కంపెనీ ప్లాన్ ఆమోదం అయిపోయింది, మిగిలిన 11.5 కోట్లకు గ్యారంటర్ల మీదికి ఎలా వెళ్లాలి?

గుంటూరు శ్రీను · 2025 సెప్టెంబర్ 6

అందరికీ నమస్కారం. బ్యాంకులో రికవరీ విభాగంలో పని చేస్తున్నాను. ఒక స్పిన్నింగ్ మిల్లు ఖాతా గురించి సలహా కావాలి. పేర్లు చెప్పలేను, మిగతావన్నీ చెబుతాను.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మిల్లు గుంటూరు దగ్గర ఉంది, రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రం హైదరాబాద్. 2022లో ఖాతా ఎన్‌పీఏ అయింది. 2023లో దివాలా చట్టం ఐబీసీ కింద కంపెనీ కేసును ఎన్‌సీఎల్‌టీ ట్రిబ్యునల్ అడ్మిట్ చేసింది. మా క్లెయిమ్ 18.40 కోట్లు ఒప్పుకున్నారు. ఈ ఏడాది మార్చిలో రిజల్యూషన్ ప్లాన్ ఆమోదం పొందింది, మాకు 6.90 కోట్లు వచ్చాయి. ఇంకా 11.50 కోట్లు మిగిలాయి.

పర్సనల్ గ్యారంటర్లు ముగ్గురు: ఎండీ, ఆయన భార్య, ఎండీ తమ్ముడు. తమ్ముడు 2021లోనే డైరెక్టర్‌గా తప్పుకున్నాడు, గ్యారంటీ మాత్రం అలాగే ఉంది. ఎండీ పేరు మీద గుంటూరులో ఇల్లు మాకు తనఖాలో ఉంది, ఇప్పుడు 2.20 కోట్లు పలకొచ్చు. తనఖా ఆస్తుల స్వాధీనానికి ఉన్న సర్ఫేసీ చట్టం కింద సింబాలిక్ పొజెషన్, అంటే కాగితం మీద స్వాధీనం తీసుకున్నాం. తమ్ముడికి పల్నాడు జిల్లాలో తొమ్మిది ఎకరాలుంది, అది తనఖాలో లేదు.

గ్యారంటీ ఇన్వోక్ చేస్తూ 2023 జనవరి 12న ముగ్గురికీ రిజిస్టర్డ్ పోస్టులో లెటర్లు పంపాం. పైవాళ్లు "ఐబీసీ 95వ సెక్షన్ కింద గ్యారంటర్ల మీద ఇన్సాల్వెన్సీ దరఖాస్తు వేసేయండి, భయపడి వాళ్లే వస్తారు" అంటున్నారు. వేసేయమంటారా?

---

ఎంవీఆర్ (రిటైర్డ్) · సెప్టెంబర్ 6

శ్రీనూ, నేను ముప్పై ఏళ్లు బ్యాంకులోనే చేశాను. ప్లాన్ ఆమోదం అయ్యాక కంపెనీ బాకీ తీరినట్టే లెక్క. మీ బ్యాంకు కూడా రుణదాతల కమిటీలో కూర్చుని ఆ 6.90 కోట్లకు ఒప్పుకుని ఓటేసింది కదా. అసలు అప్పే లేనప్పుడు ఇక జామీను ఎక్కడిది? అప్పు ఇచ్చినవాడు అసలు బాకీదారుతో రాజీ పడితే జామీనుదారు విడుదల అవుతాడని కాంట్రాక్ట్ చట్టం 134, 135 సెక్షన్లు చెబుతున్నాయి. నాకు తెలిసి గ్యారంటర్లు చేజారినట్టే.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 6

ఎంవీఆర్ గారూ, ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. 2021 మే 21న లలిత్ కుమార్ జైన్ కేసులో ఈ ప్రశ్న నేరుగా వచ్చింది. కంపెనీ బాకీ తగ్గింది బ్యాంకు తనంతట తాను రాజీ పడినందుకు కాదు, చట్టం నడిపించిన ప్రక్రియ వల్ల. అలా తగ్గినంత మాత్రాన గ్యారంటర్ విడుదల కాడని కోర్టు చెప్పింది. కాబట్టి మిగిలిన 11.50 కోట్లకు ముగ్గురూ బాధ్యులే.

అయితే మీ అనుమానంలో నిజం బొత్తిగా లేకపోలేదు. ప్లాన్‌లోనే "పర్సనల్ గ్యారంటీలు రద్దు" అనో, "గ్యారంటీ హక్కులన్నీ రిజల్యూషన్ అప్లికెంట్‌కు బదిలీ" అనో ఒక వాక్యం ఉండి, దానికి బ్యాంకు ఓటేసి ఉంటే కథ అక్కడే ముగుస్తుంది. శ్రీను గారూ, ముందు ఆ ప్లాన్ మొత్తం చదవండి. "రిలీఫ్స్ అండ్ కన్సెషన్స్" అధ్యాయంలో ఇలాంటివి చిన్న వాక్యాలుగా దూరుస్తారు. గ్యారంటర్లు డబ్బు కట్టాక కంపెనీని తిరిగి అడిగే హక్కు ఉండదని కూడా ప్లాన్‌లో రాస్తారు. అది వేరే విషయం, మీకు అడ్డు రాదు. ఎస్సార్ స్టీల్ కేసులో అలాంటి షరతును సుప్రీంకోర్టు నిలబెట్టింది.

---

గుంటూరు శ్రీను · సెప్టెంబర్ 7

ప్లాన్ మొత్తం చదివాను మేడమ్. మన గ్యారంటీలు మనకే ఉంటాయని ఒక క్లాజ్ స్పష్టంగా ఉంది. గండం గడిచినట్టే.

---

ఎంవీఆర్ (రిటైర్డ్) · సెప్టెంబర్ 7

లలిత్ కుమార్ జైన్ తీర్పు నేను చదవలేదు పద్మజ గారూ, చదువుతాను. కానీ శ్రీనూ, గ్యారంటీ డీడ్‌లో మొత్తానికి పరిమితి ఉందేమో చూశావా? మా రోజుల్లో తమ్ముళ్లూ బావమరుదులూ సంతకం పెట్టేటప్పుడు "ఇంతవరకే" అని అంకె రాయించుకునేవాళ్లు. లిమిట్లు పెంచిన ప్రతిసారీ కొత్త డీడ్ తీసుకున్నారా, లేక పాతదాని మీదే నడిపించారా అన్నదీ ముఖ్యమే. పెంచిన అప్పుకు తమ్ముడి సంతకం లేకపోతే 133వ సెక్షన్ పట్టుకుంటాడు.

---

గుంటూరు శ్రీను · సెప్టెంబర్ 7

ఎండీ, ఆయన భార్య డీడ్లలో పరిమితి లేదు. తమ్ముడి డీడ్ 2019ది. అందులో 10 కోట్లు, దాని మీద డిమాండ్ తేదీ నుంచి వడ్డీ అని ఉంది. 2020లో లిమిట్ పెంచినప్పుడు ఆయన మళ్లీ సంతకం పెట్టాడు, అదే పరిమితితో. మంచి మాట గుర్తు చేశారు సార్. మా నోట్‌లో ముగ్గురికీ 11.50 అనే రాసుకున్నాం.

---

మిర్యాలగూడ సురేష్ · సెప్టెంబర్ 7

నాదీ ఇదే సమస్య. రైస్ మిల్లు, మేం నలుగురు పార్ట్‌నర్లం. బ్యాంకు నోటీసు ఇచ్చింది. ఈ 95వ సెక్షన్ మా మీద వేస్తే ఎన్‌సీఎల్‌టీ కోసం హైదరాబాద్ తిరగాలా? టెన్షన్‌గా ఉంది.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 7

సురేష్ గారూ, మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఇది మీకు వర్తించదు. ఐబీసీలో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీలకూ ఎల్‌ఎల్‌పీలకూ గ్యారంటీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ దాని కిందకు రాదు. పైగా పార్ట్‌నర్లుగా మీరు నేరుగానే బాకీదారులు. బ్యాంకు మీ మీదికి రావాలంటే బాకీల రికవరీ ట్రిబ్యునల్ డీఆర్‌టీ, సర్ఫేసీ దారుల్లోనే వస్తుంది. నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ అని ఉందో చూసి వేరే థ్రెడ్ పెట్టండి. 13(2) అని ఉంటే అరవై రోజుల గడువు నడుస్తోందని అర్థం, ఆలస్యం చేయకండి.

---

రాఘవ ఐపీ · సెప్టెంబర్ 8

నేను రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ని. గ్యారంటర్ల కేసులు చేశాను, శ్రీను గారి అసలు ప్రశ్నకు వస్తాను. "95 వేస్తే భయపడి వస్తారు" అనే మాట బ్యాంకుల్లో బాగా తిరుగుతోంది. వేసేముందు దాని నడక ఒకసారి చూడండి.

మొదట ఫారం-బీలో డిమాండ్ నోటీసు ఇవ్వాలి. పద్నాలుగు రోజుల్లో కట్టకపోతే ఫారం-సీలో దరఖాస్తు వేస్తారు. మీ కేసులో అది ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్‌లోనే వేయాలి, ఎందుకంటే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుందన్నదే లెక్క, గ్యారంటర్ ఎక్కడ కాపురం ఉంటున్నాడన్నది కాదు. ట్రిబ్యునల్ మా లాంటి ఒకరిని నియమిస్తుంది. మేం పది రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది సిఫారసు మాత్రమే, తీర్పు కాదు. ఈ సంగతి 2023 నవంబర్‌లో దిలీప్ జివ్రాజ్‌కా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిపోర్టు అందాక పద్నాలుగు రోజుల్లో అడ్మిట్ చేయాలో, కొట్టేయాలో ట్రిబ్యునల్ చెప్పాలి. ఆచరణలో ఈ రోజులు నెలలవుతాయి, కొన్నిచోట్ల ఏడాది దాటుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీరు దరఖాస్తు వేసిన రోజునుంచే 96వ సెక్షన్ కింద తాత్కాలిక మారటోరియం మొదలవుతుంది. ఆ గ్యారంటర్ అప్పులకు సంబంధించిన చర్యలన్నీ ఆగుతాయి, మీ సర్ఫేసీతో సహా. అంటే ఎండీ ఇంటి వేలాన్ని మీ దరఖాస్తుతో మీరే ఆపుకున్నట్టు. మరి గ్యారంటర్ చేతులు కట్టేస్తుందా అంటే, కట్టదు. ఆస్తులు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అనే నిషేధం 101వ సెక్షన్‌లో ఉంది. అది అడ్మిట్ అయ్యాకే వస్తుంది. 96లో ఆ మాటే లేదు. వేసిన రోజు నుంచి అడ్మిట్ అయ్యేదాకా బ్యాంకు ఆగాలి, ఆయన మాత్రం పొలం అమ్ముకోవచ్చు.

---

గుంటూరు శ్రీను · సెప్టెంబర్ 8

ఈ తేడా మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అమ్మడం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నిన్న పల్నాడు పొలానికి ఈసీ తీయించాను. తొమ్మిది ఎకరాల్లో నాలుగు ఎకరాలు తమ్ముడు 2024 ఆగస్టులో కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసేశాడు. రిజిస్ట్రేషన్ అయింది, మీభూమిలో పేరు కూడా మారింది. ఇక మిగిలింది ఐదు ఎకరాలే.

---

కావ్య, డాలస్ · సెప్టెంబర్ 8

ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. మేం రెండోవైపు ఉన్నాం. నాన్నగారికి రాజమండ్రిలో కంపెనీ ఉండేది. ఆయన 2022లో పోయారు. ఇల్లు అమ్మ పేరు మీద ఉందని బ్యాంకు అమ్మ చేత కూడా గ్యారంటీ సంతకం పెట్టించుకుంది. ఇప్పుడు అమ్మకు ఫారం-బీ నోటీసు వచ్చింది. అమ్మకు కంపెనీ గురించి ఏమీ తెలియదు. ఇల్లు, నగలు అన్నీ పోతాయా? నాన్న గ్యారంటీకి నా జీతం మీదికి కూడా వస్తారా?

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 8

కావ్యా, అడగకూడనిదేమీ లేదమ్మా. నువ్వు సంతకం పెట్టకపోతే నీ జీతం జోలికి ఎవరూ రాలేరు. నాన్నగారి గ్యారంటీ బాధ్యత ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే ఉంటుంది, అంతకు మించి ఉండదు.

అమ్మగారి విషయం వేరు. ఆమె స్వయంగా గ్యారంటర్, కంపెనీ గురించి తెలియదన్నది జవాబు కాదు. ఇల్లు బ్యాంకుకు తనఖా పెట్టి ఉంటే దానికి రక్షణ లేదు. తనఖాలో లేని ఒక్క నివాస గృహానికి, అదీ పట్టణంలో 20 లక్షల విలువ వరకు, పల్లెలో 10 లక్షల వరకు మినహాయింపు ఉంది. సంప్రదాయం ప్రకారం ఒంటి నుంచి తీయకూడని నగలకు లక్ష రూపాయల వరకు ఉంది. మంగళసూత్రం అందులోకి వస్తుంది, బీరువాలో నగలన్నీ రావు. వంటసామాను, మంచాలు లాంటి ఇంటి సామాను కూడా మినహాయింపులోనే ఉంది.

నోటీసుకు పద్నాలుగు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. అంతకుముందు బ్యాంకు ఆమెను విడిగా డిమాండ్ చేసిందా, ఎప్పుడు చేసిందో చూడండి. నాన్నగారు పోయాక కొత్తగా అప్పు ఇచ్చారేమో కూడా చూడండి. గ్యారంటీ ఇన్వోక్ చేయకుండా నేరుగా ఫారం-బీ పంపినట్టయితే గట్టి అభ్యంతరం దొరుకుతుంది. ఇన్వోక్ అయి బాకీ మిగిలినవాడే గ్యారంటర్ అని 2019 రూల్స్‌లోనే ఉంది.

---

రాఘవ ఐపీ · సెప్టెంబర్ 9

శ్రీను గారూ, ఆ గిఫ్ట్ డీడ్ తేదీ చాలా ముఖ్యం. తక్కువ విలువకో, ఊరికేనో ఇచ్చేసిన ఆస్తిని వెనక్కి లాగే అధికారం 164వ సెక్షన్‌లో ఉంది. కొడుకు సంబంధీకుడే కాబట్టి రుజువు భారం కూడా తేలికవుతుంది. కానీ రెండేళ్ల లెక్క ఎక్కడినుంచి కడతారో చూడండి. 95 దరఖాస్తు తేదీ నుంచి కాదు. దివాలా, అంటే బ్యాంక్రప్ట్సీ దరఖాస్తు వేసిన తేదీ నుంచి వెనక్కి రెండేళ్లు. మన చట్టంలో ఇవి రెండూ వేర్వేరు మెట్లు. ముందు 95, అడ్మిట్, తిరిగి కట్టే ప్లాన్, దానికి విలువలో నాలుగింట మూడొంతుల కంటే ఎక్కువ ఓట్లు. అది కుదరకపోతేనే బ్యాంక్రప్ట్సీ.

మీ తేదీలతో చూడండి. గిఫ్ట్ 2024 ఆగస్టు. 2026 ఆగస్టు లోపు బ్యాంక్రప్ట్సీ దరఖాస్తు పడాలి. ఈ సెప్టెంబర్‌లో ఫారం-బీ ఇచ్చి, అక్టోబర్‌లో 95 వేసినా, ఉన్న జాప్యంలో ఆ తేదీని అందుకోవడం కష్టం. 95 నడుస్తూనే ఉంటుంది, ఆ నాలుగు ఎకరాలు చేతినుంచి జారిపోతాయి.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 9

రాఘవ గారి లెక్క సరైనదే. అందుకే నేనైతే మొదట డీఆర్‌టీలో రికవరీ దరఖాస్తు, అంటే ఓఏ వేస్తాను. ఫీజు గరిష్ఠంగా లక్షన్నర, బ్యాంకుకు అది పెద్ద లెక్కలోకి రాదు. ఓఏతోపాటే మిగిలిన ఐదు ఎకరాల మీద అటాచ్‌మెంట్ పిటిషన్ వేయాలి. "ఆస్తులు దాటిస్తున్నాడు" అని ఊరికే రాస్తే ట్రిబ్యునల్ ఒప్పుకోదు. మీ చేతిలో ఈసీ ఉంది, అదే ఆధారం. ఇన్వోక్ చేసిన తర్వాత ఏడాదిన్నరకు కొడుక్కి రాసిచ్చాడన్న వరుస కాగితం మీద కనిపిస్తోంది. గిఫ్ట్ ఇచ్చిన నాలుగు ఎకరాలకు ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో దావా వేరే ఆలోచించాలి.

సర్ఫేసీని ఆపకండి. డీఆర్‌టీ, సర్ఫేసీ రెండూ కలిసి నడవొచ్చు. ఇంటి భౌతిక స్వాధీనం కోసం 14వ సెక్షన్ దరఖాస్తు వెంటనే పెట్టండి. ఇల్లు అమ్ముడయ్యాక మిగిలిన మొత్తానికి 95 అవసరమా కాదా అప్పుడు చూడండి.

ఇంకో తొందర కూడా ఉంది. మీ ఇన్వొకేషన్ 2023 జనవరి 12. మూడేళ్ల కాలపరిమితి 2026 జనవరిలో అయిపోతుంది. ఏ దారిలో వెళ్లినా అప్పటికి ఫైలై ఉండాలి.

---

గుంటూరు శ్రీను · సెప్టెంబర్ 10

మేడమ్, లెటర్ల విషయంలో ఒక ఇబ్బంది. ఎండీ, ఆయన భార్య అక్నాలెడ్జ్‌మెంట్లు ఫైల్లో ఉన్నాయి. తమ్ముడి కవరు మాత్రం "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చింది. కవరు ఇంకా ఫైల్లోనే ఉంది, తెరవలేదు. మీద రాసింది డీడ్‌లో ఉన్న బ్రాడీపేట చిరునామానే. ఆయన 2022లోనే నరసరావుపేటకు మారాడట, మాకు రాతపూర్వకంగా చెప్పలేదు.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 10

ఆ కవరు అస్సలు తెరవకండి, అలాగే ఎగ్జిబిట్ చేయండి. డీడ్‌లో "చిరునామా మారితే రాతపూర్వకంగా తెలపాలి, ఈ చిరునామాకు పంపితే అందినట్టే" అనే క్లాజ్ సాధారణంగా ఉంటుంది, చూడండి. ఉంటే మీరు బాగానే నిలబడతారు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు పంపితే అందినట్టు భావించే నియమం జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. తిరిగొచ్చిన కవరు మీద తపాలా వాళ్ల రాత, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి.

నరసరావుపేట చిరునామాకు ఇప్పుడు ఇంకో లెటర్ కూడా పంపండి, ఆయన పరిమితి 10 కోట్లు, దాని మీద వడ్డీ అని సరిగ్గా రాసి. కానీ కొత్త లెటర్ తేదీ నుంచి మూడేళ్లు ఉందని మాత్రం ధీమాగా ఉండొద్దు. పాత తేదీనే లెక్కలో పెట్టుకుని ఫైల్ చేయండి.

---

ఎంవీఆర్ (రిటైర్డ్) · సెప్టెంబర్ 10

ఇంత విన్నాక ఒక మాట. ఎండీకి కూడా లాయర్ ఉంటాడుగా. ఇంటి వేలం నోటీసు పడిన మర్నాడే ఆయనే స్వయంగా 94వ సెక్షన్ వేసుకుంటే? నేను ఆఖర్లో పనిచేసిన చోట సరిగ్గా వేలం ముందురోజు అలా వేసి ఆపారు.

---

రాఘవ ఐపీ · సెప్టెంబర్ 10

జరుగుతోంది సార్, బాగా జరుగుతోంది. మారటోరియం 94కూ ఒకటే. అందుకే 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో పర్సనల్ గ్యారంటర్లకు 96 మారటోరియం తీసేయాలని ప్రతిపాదించారు. బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, 2025 సెప్టెంబర్ నాటికి పాత చట్టమే. అంతదాకా బ్యాంకు చేయగలిగిందల్లా వేలం తేదీకీ, సొమ్ము పడి సేల్ సర్టిఫికెట్ ఇవ్వడానికీ మధ్య ఖాళీ లేకుండా చూసుకోవడం. ఎన్‌సీఎల్‌టీలో కేవియట్ వేసి ఉంచితే కనీసం తెలుస్తుంది. మారటోరియం అన్నిటినీ ఆపదు కూడా. చెక్ బౌన్స్ కేసు ఆగదని ఈ ఏప్రిల్‌లోనే రాకేష్ భానోత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్యారంటర్ స్వయంగా చెక్ ఇచ్చి ఉంటే అది నడుస్తుంది.

95 పూర్తిగా పనికిరాదని మాత్రం నేను అనను. గ్యారంటర్‌కు వేరే కంపెనీలు నడుస్తుంటే దానికి బలం ఉంది. దివాలా తీసినవాడిగా ప్రకటిస్తే డైరెక్టర్‌గా ఉండలేడు, అనుమతి లేకుండా విదేశాలకు వెళ్లలేడు. అలాంటివాళ్లే సెటిల్‌మెంట్‌కు వస్తారు. ఐదెకరాల పొలం తప్ప ఏమీ లేని మనిషి మీద దాని ప్రభావం తక్కువ.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 11

ఇక్కడ రాఘవ గారితో నాకు కొంచెం తేడా ఉంది. ఎండీ మీద కూడా 95 ఇప్పట్లో వద్దంటాను. ఆయనకు వేరే కంపెనీలున్నా, ఉన్న ఒక్క తనఖా ఆస్తి అమ్ముడయ్యేదాకా ఆగడమే మంచిది. భార్య పేరు మీద ఏముందో ఇంకా మనకు తెలియదు, ఆ ఈసీలు కూడా తీయండి.

---

గుంటూరు శ్రీను · సెప్టెంబర్ 15

ఇవాళ రీజినల్ ఆఫీసుకు నోట్ పంపాను. మొదట ఇంటికి 14వ సెక్షన్ దరఖాస్తు, ఈ నెలాఖరులోపు డీఆర్‌టీలో ఓఏ, తమ్ముడి ఐదెకరాల మీద అటాచ్‌మెంట్ పిటిషన్, ఎన్‌సీఎల్‌టీలో కేవియట్. 95 పెండింగ్. డీడ్‌లో చిరునామా క్లాజ్ ఉంది, పదకొండో నంబరు.

ఒకటి మాత్రం మా లా ఆఫీసర్ వదలడం లేదు. ఎండీ ఒక్కడు 94 వేస్తే తమ్ముడి మీద మన ఓఏ కూడా ఆగుతుందా? 96లో "అప్పుకు సంబంధించి" అని ఉంది, అప్పు ముగ్గురికీ ఒకటే కదా అంటున్నారు.

---

పద్మజ, అడ్వకేట్ · సెప్టెంబర్ 15

ఆగకూడదు అన్నది నా వాదన. ఆ సెక్షన్‌లో అప్పు అంటే దరఖాస్తు వేసిన మనిషి అప్పు, ఒక్కో గ్యారంటీ ఒక్కో ఒప్పందం. కానీ ఎదుటివాళ్లు మీ లా ఆఫీసర్ చెప్పినట్టే వాదిస్తారు, మీరు దానికి సిద్ధంగా ఉండాలి. ఓఏలో ముగ్గురి బాధ్యతనూ విడివిడి పేరాల్లో, విడివిడి డీడ్ తేదీలతో, తమ్ముడికి 10 కోట్ల పరిమితితో రాయించండి. అప్పుడు ఒకరి మీద ఆగినా మిగతా ఇద్దరి మీద నడపమని అడగడానికి వీలుంటుంది.

---

రాఘవ ఐపీ · సెప్టెంబర్ 15

నేను చూసిన ఒక కేసులో మొత్తం ఓఏనే పక్కన పెట్టారు, ఇంకోదాంట్లో మిగతావాళ్ల మీద నడిపారు. బెంచ్‌ను బట్టి ఉంటోంది. శ్రీను గారూ, భార్య ఈసీలు వచ్చాక ఇక్కడ పెట్టండి.